బీపీ పుస్తకం: మే 11 సోమవారం నుంచి 17 ఆదివారం వరకు, వారం సగటుతో

పేషెంటు: మగ, 63 ఏళ్లు, రిటైరైన ఆర్టీసీ ఉద్యోగి, ఒంగోలు. బరువు 78 కిలోలు. షుగరు లేదు. వాడుతున్నది టెల్మిసార్టన్ 40 ఒక్కటే. రెండేళ్లుగా రోజూ ఉదయం 8 గంటలకు, టిఫిన్ చేశాక. 9వ తేదీన క్లినిక్‌లో చూసినప్పుడు బీపీ 164/98. వారం రోజులు ఇంట్లో చూసి రాసుకు రమ్మన్నారు. 18 సోమవారం సాయంత్రం చూపించాలి.

వారం సగటు

మేడమ్, మీ గది బయట ఎంతమంది కూర్చుంటారో తెలుసు కాబట్టి లెక్క ముందే పెట్టాను. వివరాలు కావాలంటే కింద ఉన్నాయి.

ఉదయం సగటు: 144/89
సాయంత్రం సగటు: 130/80
రెండూ కలిపి: 137/85
అన్నిటికన్నా ఎక్కువ: 158/96, గురువారం ఉదయం
అన్నిటికన్నా తక్కువ: 122/76, ఆదివారం సాయంత్రం
పల్స్: 72 నుంచి 78 మధ్య. గురువారం ఉదయం మాత్రం 88.

మీరు చెప్పినట్టే మొదటి రోజు సోమవారాన్ని సగటులో కలపలేదు. మంగళవారం నుంచి ఆదివారం దాకా 6 రోజులు, పూటకు రెండేసి చొప్పున 24 రీడింగులు. ఇంట్లో చూసుకునే బీపీకి 135/85 గీత అన్నారు కదా, ఆరు ఉదయాలూ ఆ గీత పైనే ఉన్నాయి. సాయంత్రాల్లో గురువారం ఒక్కటే దాటింది.

గురువారం పెళ్లి నిద్రలేమి వల్ల లెక్క చెడిందేమోనని ఆ రోజు తీసేసి కూడా చూశాను. అప్పుడు ఉదయం 142/88, సాయంత్రం 128/79. అంటే పెళ్లి మీదకు నెట్టేయడానికి లేదు. పొద్దున పూట బీపీ నిజంగానే ఎక్కువ ఉంటోంది.

ఎలా చూశానంటే

ఉదయం లేచి, బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, కాఫీకి, బిళ్ళకు ముందు. సాయంత్రం భోజనానికి ముందు, 7 గంటల ప్రాంతంలో. వెనక ఆనుకునే కుర్చీలో, కాళ్లు నేల మీద ఆనించి, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక మొదటిది, నిమిషం ఆగి రెండోది. వంటింట్లోంచి కాఫీ వాసన వస్తుంటే ఆ అయిదు నిమిషాలు కాస్త కష్టమే. అన్నీ కుడి చేతికే. మొదటిరోజు రెండు చేతులకూ చూస్తే కుడిచేతికి 6 ఎక్కువ వచ్చింది. చెయ్యి చుట్టుకొలత 30 సెం.మీ., మిషన్ పట్టీ మీద 22–32 అని ఉంది, సరిపోయింది.

రోజువారీ

సోమ 11. ఉదయం 6:10: 156/94, 150/92. సాయంత్రం 7:00: 140/84, 136/84. కొత్త మిషన్, పట్టీ బిగుసుకుంటుంటే నాకే టెన్షన్. పక్కన మనవడు "తాతయ్యా ఎంతొచ్చింది" అని ఒకటే గోల. రేపటినుంచి తలుపు వేసుకుని చూడాలి.

మంగళ 12. ఉదయం 6:05: 146/90, 142/88. సాయంత్రం 7:10: 132/82, 128/80. రాత్రి నిద్ర బాగానే పట్టింది. మధ్యాహ్నం ఎండకు బయటికి పోలేదు.

బుధ 13. ఉదయం 6:15: 144/88, 140/86. సాయంత్రం 6:00: 134/82, 130/80. చీరాలలో మేనకోడలి కూతురి పెళ్లి. బయల్దేరే హడావుడి ఉంటుందని గంట ముందే చూసేశాను. 17 నుంచి అధిక మాసం, అందుకే ముహూర్తాలన్నీ ఈ వారంలోనే కుక్కారు.

గురు 14. ఉదయం 7:20: 158/96, 154/94. పల్స్ 88. సాయంత్రం 7:15: 142/86, 138/84. ఇంటికి వచ్చేసరికి తెల్లవారుజామున 5. రెండు గంటలు పడుకున్నానేమో. విందులో ఆవకాయ, అప్పడాలు, పప్పుచారు, మళ్లీ పెరుగన్నంలోకి గోంగూర పచ్చడి. ఇంకో సంగతి మీకు తప్పకుండా చెప్పాలి: మోకాలు పట్టేస్తే రాత్రి బావమరిది ఇచ్చిన డైక్లోఫెనాక్ బిళ్ళ ఒకటి వేసుకున్నాను. నొప్పి బిళ్ళలతో బీపీ పెరుగుతుందని మందుల షాపు అబ్బాయి ఈరోజు చెప్పాడు. మళ్లీ వేసుకోలేదు. టెల్మిసార్టన్ మాత్రం టైముకే వేసుకున్నాను.

శుక్ర 15. ఉదయం 6:20: 148/90, 144/90. సాయంత్రం 7:00: 130/80, 126/78. మధ్యాహ్నం 3 గంటలకు కరెంటు పోయి, తల దిమ్ముగా ఉంటే చూశాను, 152/92. అది వేళకాని వేళ చూసింది కాబట్టి సగటులో లేదు. మజ్జిగ తాగి పడుకుంటే గంటలో తగ్గింది. ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం లేవు. 180/120 దాటి వాటిలో ఏదైనా ఉంటే పుస్తకం పక్కన పడేసి వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

శని 16. ఉదయం 6:10: 142/88, 138/86. సాయంత్రం 7:05: 128/78, 124/76. ఇంట్లో ఆవకాయ పెట్టే రోజు. నా కోసం ఒక చిన్న జాడీలో ఉప్పు తగ్గించి కలపమన్నాను. "ఉప్పు తగ్గిస్తే ఆవకాయ బూజు పడుతుంది, మీరు తగ్గించుకోవాల్సింది ముద్దలు" అంది మా ఆవిడ. పూటకు ఒక ముక్కకు ఒప్పందం.

ఆది 17. ఉదయం 6:00: 140/86, 136/86. సాయంత్రం 7:00: 126/78, 122/76. పొద్దున నీడ ఉండగానే 35 నిమిషాలు నడిచాను. సాయంత్రం తక్కువ వచ్చిందని లేచి నిలబడి కాసేపు ఆగి చూశాను, తల తిరగలేదు.

మేడమ్‌ను అడగాల్సినవి

ఉదయం చూసే వేళకు ముందురోజు వేసిన బిళ్ళకు 22 గంటలు దాటుతోంది. తెల్లారేసరికి దాని బలం తగ్గుతోందా? మోతాదు పెంచాలా, ఇంకోటి కలపాలా, వేళ మార్చాలా? నా అంతట నేను ఏమీ మార్చలేదు.

గురక. ఇది నేను రాయనంటే మా ఆవిడ పక్కన కూర్చుని రాయించింది. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి, మళ్లీ ఉలిక్కిపడి గట్టిగా పీలుస్తానట. వారంలో రెండు మూడు రాత్రులు చూసిందట. నాకు తెలియదు గానీ పగలు పేపరు చదువుతూ కునుకు తీయడం నిజమే. పొద్దున బీపీ ఎక్కువ ఉండటానికి, దీనికి సంబంధం ఉందా? పరీక్ష ఏదైనా చేయించాలా?

మోకాలి నొప్పికి బీపీని కదిలించని మందు ఏది? పూత మందుతో సరిపెట్టుకోవచ్చా?

కిడ్నీ, పొటాషియం రక్తపరీక్ష చేయించి ఏడాది దాటింది. ఇప్పుడు రాస్తే మంగళవారం పరగడుపున ఇచ్చి వస్తాను.

మిషన్ కూడా సంచీలో తెస్తున్నాను. మీ మిషన్‌తో పక్కపక్కన ఒకసారి చూసి, తేడా ఎంతో ఈ పేజీ మీదే రాసిస్తే వచ్చే వారం లెక్కలో దాన్ని పట్టించుకుంటాను.