కార్ట్‌లో ఆగిపోయిన సీరం: సైన్‌అప్ బాక్స్, మూడు మెయిళ్లు

సైన్‌అప్ బాక్స్ (సీరం పేజీ కింద)

కొత్త సీరం మొదలుపెడుతున్నారా?
ప్యాచ్ టెస్ట్ ఎలా చేసుకోవాలి, ఏది ముందు రాయాలి, ఏది తర్వాత రాయాలి అన్నీ ఒకే పేజీలో రాసి పెట్టాం. ఈమెయిల్ ఇస్తే పంపిస్తాం. ఆ తర్వాత నెలకు రెండు మెయిళ్లు వస్తాయి. మీ అడ్రస్ ఎవరికీ ఇవ్వం.
బటన్: గైడ్ పంపండి

బటన్ నొక్కాక: ఇన్‌బాక్స్ చూడండి. అడ్రస్ మీదేనని మీరు అక్కడ ఓకే చేశాకే లిస్టులో చేరుస్తాం.

మెయిల్ 1: గంట తర్వాత

సబ్జెక్ట్: మీ సీరం కార్ట్‌లోనే ఉంది

నమస్తే,
5 శాతం నియాసినమైడ్ సీరం (30 మి.లీ.) కార్ట్‌లో పెట్టారు, ఆర్డర్ మాత్రం పూర్తి కాలేదు. పేమెంట్ దగ్గర ఇబ్బంది వచ్చి ఉంటే ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, చూస్తాం.
బటన్: కార్ట్ తెరవండి

మెయిల్ 2: మర్నాడు (ఆర్డర్ పెట్టినవాళ్లకి వెళ్లదు)

సబ్జెక్ట్: ఇది నా చర్మానికి పడుతుందా?

నమస్తే,
ముఖానికి రాసుకునేది కదా, ఆలోచించడం మంచిదే. ఉన్నదున్నట్టు చెబుతాం.

నియాసినమైడ్ అంటే విటమిన్ బి3లో ఒక రకం. జిడ్డు తగ్గడానికి, మచ్చలు తేలికపడటానికి వాడతారు. వారంలో తేడా కనిపిస్తుందని మేం చెప్పం. మచ్చల విషయంలో 8 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి, పగలు సన్‌స్క్రీన్ కూడా రాయాలి. సన్‌స్క్రీన్ లేకపోతే ఎండకు మచ్చలు మళ్లీ ముదురుతాయి.

సీసా రాగానే ముఖానికి రాయకండి. మోచేతి లోపలివైపు ఒక చుక్క రోజూ ఒకే చోట రాస్తూ వారం చూడండి. దురద, ఎరుపు లేకపోతే రోజు విడిచి రోజు ముఖానికి మొదలుపెట్టండి. మంట ఆగకపోయినా, కొత్తగా మొటిమలు వచ్చినా వెంటనే ఆపేయండి. "లోపలిదంతా బయటికొస్తోంది, ఓర్చుకోండి" అని ఎవరన్నా వినకండి. ఇది చర్మం పొరను ఊడదీసే యాసిడ్ కాదు.

చర్మానికి ఇప్పటికే మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడిగాకే కొనండి. సీరం ఎక్కడికీ పోదు.

ఇంకా సందేహం ఉంటే, ఇప్పుడు ఏమేం రాస్తున్నారో రిప్లైలో రాయండి. సీరం తయారుచేసేవాళ్లమే చదివి జవాబిస్తాం.
బటన్: పదార్థాల పూర్తి జాబితా చూడండి

మెయిల్ 3: నాలుగో రోజు

సబ్జెక్ట్: ఈ సీరం గురించి ఇదే చివరి మెయిల్

నమస్తే,
ఇందులో డిస్కౌంట్ కోడ్ లేదు. వెంటనే కొన్నవాళ్లకి ఒక ధర, కార్ట్ వదిలేసినవాళ్లకి ఇంకో ధర పెట్టడం మాకు న్యాయంగా అనిపించదు. కావాలంటే కింది బటన్ నొక్కండి, వద్దనుకుంటే ఏమీ చేయనక్కర్లేదు. దీని గురించి మళ్లీ రాయం.
బటన్: ఆర్డర్ పూర్తి చేయండి

మా మెయిళ్లేవీ వద్దనుకుంటే: లిస్టు నుంచి తీసేయండి