మెటీరియాలిటీ అసెస్‌మెంట్, 2024-25: కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్

భాగస్వాముల సమావేశానికి, జులై 2025
తయారుచేసినది: క్వాలిటీ, రికార్డుల విభాగం

మన పప్పు కొనే కంపెనీల్లో ఒకటి షేర్ మార్కెట్లో ఉంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్ఎస్ఆర్, అంటే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. వాళ్లు తమ సరుకు ఎక్కణ్నుంచి వస్తోందో, ఎవరి చేతుల మీదుగా వస్తోందో కూడా ఇప్పుడు అడుగుతున్నారు. మనకు చట్టప్రకారం ఆ నివేదిక అక్కర్లేదు. కానీ "మీ యూనిట్‌లో ముఖ్యమైన అంశాలు ఏవి, ఎలా తేల్చారు" అని ఫిబ్రవరిలో వాళ్లు అడిగితే మన దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసమే ఈ మెటీరియాలిటీ అసెస్‌మెంట్, అంటే ముఖ్యమైన అంశాలను తేల్చే పని మొదలుపెట్టాం. తీరా చేశాక, వాళ్లు అడక్కపోయినా చేయాల్సిన పనే అని నాకు అనిపించింది.

ఎవర్ని అడిగాం, ఎలా అడిగాం

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాట్లాడాం. యూనిట్‌లో 92 మంది పనిచేస్తుంటే 75 మందిని కలిశాం, అందులో 64 మంది ఆడవాళ్లు. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తొమ్మిది మంది జీడి రైతులు, పిక్కలు తెచ్చే ఇద్దరు కమీషన్ ఏజెంట్లు, ఫ్యాక్టరీ వెనక వీధిలో ఆరు ఇళ్లవాళ్లు, ఇద్దరు కొనుగోలుదారులు, మనకు అప్పిచ్చిన బ్యాంకు అధికారి. భాగస్వాములు ముగ్గురూ విడిగా మార్కులు వేశారు.

మొదటి విడతలో ఒక తప్పు చేశాం, దాన్ని ఇక్కడ రాయాలి. కటింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఉండగా కాగితం చదివి, "ఏది ముఖ్యం, చెయ్యెత్తండి" అన్నాం. అన్నిటికీ "బాగానే ఉందమ్మా" అన్నారు. ఆ లెక్కన పనివాళ్లకు ఏ ఇబ్బందీ లేదు! ఆ కాగితాలు పక్కన పెట్టేసి, మే నెలలో సాయంత్రాలు వాళ్ల ఇళ్లకు వెళ్లి, అరుగు మీద కూర్చుని మళ్లీ అడిగాను. కింది పట్టికలో ఉన్నవి రెండోసారి వచ్చిన మార్కులు.

ప్రతి అంశానికీ రెండు మార్కులు, ఒక్కోటి అయిదుకి. మొదటిది మనతో ముడిపడినవాళ్లకు అది ఎంత ఆందోళన కలిగిస్తోందో చెబుతుంది. దెబ్బ ఎంత గట్టిది, ఎంతమందికి తగులుతుంది, తిరిగి బాగుచేయగలమా అన్నది చూశాం. ఇలాంటి నివేదికలకు అంతర్జాతీయంగా వాడే జీఆర్ఐ 3 ప్రమాణం కూడా వీటిని చూడమంటుంది. రెండోది దానివల్ల మన వ్యాపారానికి, అంటే సరుకుకు, ఖర్చుకు, ఆర్డర్లకు పడే దెబ్బ.

| వరుస | అంశం | ఆందోళన | వ్యాపార ప్రభావం |
|---|---|---|---|
| 1 | పిక్కల సరఫరా, రైతుకు దక్కే ధర | 4.2 | 5 |
| 2 | తాగునీరు, మరుగుదొడ్లు, లోపలి వేడి | 4.7 | 4 |
| 3 | జీడి నూనెతో చేతులు కాలడం | 4.6 | 4 |
| 4 | పప్పు నాణ్యత, ఆహార భద్రత | 3.1 | 5 |
| 5 | కిలో కూలి, పీఎఫ్, ఈఎస్ఐ | 4.5 | 3 |
| 6 | తుపాను నష్టం | 3.4 | 4 |
| 7 | పొగ, వాసన | 4.0 | 3 |
| 8 | జీడి తొక్క నిల్వ, వాడకం | 2.6 | 3 |
| 9 | కరెంటు ఖర్చు, సోలార్ | 1.9 | 3 |
| 10 | ప్యాకింగ్ డబ్బాలు, కవర్లు | 1.4 | 2 |
| 11 | ఊరికి విరాళాలు | 1.6 | 1 |

వరుస రెండు మార్కుల మొత్తాన్ని బట్టి వేశాం. కానీ నివేదికలోకి ఏది ఎక్కాలన్నది మొత్తాన్ని బట్టి కాదు. రెండిట్లో ఏ ఒక్కటైనా నాలుగు, ఆపైన ఉంటే ఎక్కాల్సిందే. మొత్తం ఎనిమిది దాటినవే తీసుకుందామని ఒక భాగస్వామి అన్నారు. అలా తీసుకుంటే కూలీ, పొగ, తుపాను మూడూ జారిపోతాయి. వీధిలోవాళ్లకు ఊపిరాడని పొగ మన లెక్కల పుస్తకంలో కనపడనంత మాత్రాన చిన్న విషయం అయిపోదు. అందుకే మొదటి ఏడూ ముఖ్యమైనవే అని నా ప్రతిపాదన.

చేతులు

ఈ అంశానికి భాగస్వాములు మొదట వ్యాపార ప్రభావం కింద రెండు వేశారు. దాన్ని నాలుగుకు ఎందుకు పెంచమన్నానో చెబుతాను.

ఉడికించిన పిక్కను బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో పెడల్ తొక్కి, చేత్తో లివర్ నొక్కి పగలగొడతారు. పగిలిన ప్రతిసారీ తొక్కలోని నూనె చిమ్ముతుంది. అది చర్మాన్ని కాల్చే నూనె. ఆముదం రాసుకుంటారు, బూడిద పూసుకుంటారు. అయినా వేళ్ల చివర్లు నల్లబడి, పొరలుపొరలుగా లేచిపోతాయి. ఇరవై ఏళ్లుగా కటింగ్‌లో ఉన్న ఒకావిడ నా ముందు రెండు అరచేతులూ చాచింది. బొటనవేలి మీద గీతలు లేవు. ఆధార్ వేలిముద్ర పడక రేషన్ దగ్గర రెండుసార్లు వెనక్కి వచ్చిందట. "సేతులు సూసి నా మనవరాలు ముద్ద తినదమ్మా" అంది. ఆ మాట అన్నాక చేతులు కొంగు కింద దాచుకుంది.

మనం గ్లౌజులు ఇచ్చాం. స్టోర్ రిజిస్టర్‌లో సంతకాలూ ఉన్నాయి. మరి ఎందుకు వేసుకోరు? రబ్బరు గ్లౌజులో వేళ్లకు పిక్క తెలియదు, జారుతుంది, బ్లేడు పక్కకు తగిలి గుండు, అంటే విరగని పప్పు, కాస్తా బద్ద అయిపోతుంది. మనం కూలి ఇచ్చేది గుండు కిలోల లెక్కన. గ్లౌజు వేసుకుంటే చెయ్యి మిగులుతుంది, కూలి పోతుంది. అంటే పట్టికలో మూడో అంశానికి వేరు అయిదో అంశంలో ఉంది. ఈ రెండూ విడివిడిగా పరిష్కారం కావు.

ఇక వ్యాపారం సంగతి. చెయ్యి పుండుపడి మంచి కటింగ్ మనిషి వారం రాకపోతే, ఆ పీట మీద కొత్తమ్మాయి కూర్చుంటుంది. ఆ వారం బద్ద, ముక్క ఎంత పెరుగుతుందో గ్రేడింగ్ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది. గుండు ధరకీ ముక్క ధరకీ ఉన్న తేడా భాగస్వాములకు నేను చెప్పక్కర్లేదు. పుస్తకం ముందు పెట్టాక వాళ్లే నాలుగు వేశారు.

నీళ్లు

మనం మొదట తయారుచేసిన జాబితాలో మరుగుదొడ్ల ఊసే లేదు. తాగునీరు ఉంది, అదీ "ఆర్ఓ డబ్బాలు సరఫరా అవుతున్నాయి" అన్న ఒక్క వాక్యంతో. ఇళ్లకు వెళ్లినప్పుడు ఒకరి తర్వాత ఒకరు ఒకే మాట చెప్పారు: పనిలో ఉన్నంతసేపు నీళ్లు తాగం. ఎందుకంటే ఆడవాళ్లందరికీ కలిపి ఉన్నవి రెండే గదులు, అవీ పిక్కలు ఆరబోసే కళ్లం అవతల, ఎండలో. లేచి వెళ్లొస్తే కిలో తగ్గుతుంది. అందుకని పొద్దున ఎనిమిదికి వచ్చి ఒంటిగంట దాకా గొంతు తడుపుకోరు. పిక్కలు ఉడికించే కుక్కర్ పక్కన, పప్పు ఆరబెట్టే బోర్మా పక్కన మే నెలలో ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు.

ఇది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు తాకని వీధి దొరకడం కష్టం. ఆ జబ్బుకు కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. నీళ్లు, ఎండలో చాకిరీ, ఒంట్లో నీరు తగ్గిపోవడం, మరికొన్ని వాటి మీద వేరువేరు అధ్యయనాలు జరిగాయి. మన యూనిట్ వల్లే ఎవరికో జబ్బు వచ్చిందని నేను అనడం లేదు, అలా రాయడానికి ఆధారం లేదు. కానీ ఇలాంటి చోట మనిషిని వేడిలో అయిదు గంటలు దాహంతో కూర్చోబెట్టే ఏర్పాటు మనది. దాన్ని జాబితాలో చివరన పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. వంశధార నీళ్లు హిరమండలం నుంచి పైపుల్లో ఉద్దానానికి వచ్చాయి, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ప్రభుత్వం చేసింది అది. మన గేటు లోపల చేయాల్సింది మనది.

పిక్కలు, రైతులు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన పక్కనే తీరం దాటింది. తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. అంటు మొక్క నాటినా కాపు చూడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. ఆ లోటును మనం విదేశీ పిక్కతో పూడ్చుకున్నాం. ఆఫ్రికా పిక్క చవగ్గా వచ్చినప్పుడు ఇక్కడి 80 కిలోల బస్తా ధర పడిపోతుంది, ఓడ ఆలస్యమైతే మన కుక్కర్ ఆగిపోతుంది. ఇలా రైతు కష్టం, మన కష్టం ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. రైతులు అడిగింది ఒక్కటే. సీజన్ మొదట్లోనే ధర చెప్పండి, తేమ కొలిచేటప్పుడు మా కళ్ల ముందు కొలవండి అన్నారు. రెండోది చేయడానికి మనకు పైసా ఖర్చు లేదు. తుపానును విడి అంశంగా ఉంచింది గోదాము, కరెంటు, బీమా కోసం.

మిగతావి

నాణ్యతకు పనివాళ్లు తక్కువ మార్కు వేయడం సహజం, కొనేవాళ్లు మాత్రం అయిదుకు అయిదు వేశారు. తేమ, బూజు పరీక్షలు ఇప్పటికే సాగుతున్నాయి. పొగ గురించి వెనక వీధి వాళ్లు చెప్పింది వేళల గురించి. తొక్క కాల్చేది తెల్లవారుజామున, గాలి కదలనప్పుడు. వేళ మారిస్తే కొంత, గొట్టం ఎత్తు పెంచితే మరికొంత తగ్గుతుంది. సోలార్, ప్యాకింగ్ మంచివే. ఫొటోకు బాగా వస్తాయి కాబట్టి నివేదికలో ముందు పెడదామన్న మాట వచ్చింది, నేను ఒప్పుకోలేదు. ఎనిమిది నుంచి పదకొండు వరకు చివర ఒక పేరాలో చెబితే చాలు.

తేలని విషయం

కూలీకి వ్యాపార ప్రభావం మూడు అన్నది భాగస్వాముల మార్కు. నా లెక్కలో అది నాలుగు. పండగల తర్వాత తిరిగి రానివాళ్ల పేర్లు మస్టర్‌లో ఉన్నాయి. పట్టికలో వాళ్ల మార్కే ఉంచాను, తేడా మాత్రం ఇక్కడ రాశాను. కొనుగోలుదారుకు పంపే ప్రతిలోనూ ఈ పేరా ఉండాలి.

సమావేశంలో తేల్చాల్సినవి

కటింగ్ షెడ్డును ఆనుకుని తూర్పు గోడ వైపు నాలుగు మరుగుదొడ్లు కట్టడానికి స్థలం కొలిచి సున్నం గీత గీయించాం, మేస్త్రీ అంచనా దీనికి జతచేశాను. గ్లౌజు వేసుకున్న మొదటి రెండు నెలలు, అలవాటు పడేదాకా, పాత మూడు నెలల సగటు కూలి తగ్గకుండా ఇవ్వాలి. దీన్ని ఆగస్టు నుంచి పది పీటల మీద చేసి చూద్దాం. వేలికొసలు తెరిచి ఉన్నవి, పూర్తిగా మూసినవి రెండు రకాల గ్లౌజులు తెప్పించాను. ఏది వేసుకోవాలో ఆ పదిమందే చెబుతారు. మార్కులు మళ్లీ వేసేది వచ్చే మే నెలలో, అప్పుడు కూడా ఇళ్ల దగ్గరే.