కిరణ్ గారికి, వర్కవుట్ ప్లాన్ కోసం నా వివరాలు

కిరణ్ గారూ, నమస్తే. నిన్న సాయంత్రం ఫీజు కట్టి వెళ్లిన సుధాకర్‌ని. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు అని చెప్పాను కదా. వివరాలన్నీ వాట్సాప్‌లో పెట్టమన్నారు. కొంచెం పెద్దదే అయింది, తీరిగ్గా చదవండి.

వయసు 41. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు మీ మెషీన్ మీద 88 కిలోలు. ప్యాంటు సైజు 36 నుంచి 40కి వచ్చింది. కండలు చూపించుకునే కోరిక లేదండీ. పోయిన నెల టెస్టులో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. బార్డర్ మీద ఉన్నారు, బరువు తగ్గితే మందుల దాకా పోకుండా చూడొచ్చు అన్నారు డాక్టరు గారు. మా నాన్నకు షుగర్‌తో కాలి వేలు తీసేశారు, అప్పటి నుంచి నాకు అదే టెన్షన్. వచ్చే ఉగాదికి 80కి దిగితే చాలు. రెండోది, షాపులో 20 కిలోల కార్టన్ ఎత్తాలంటే ఇప్పుడు కుర్రాణ్ని పిలవాల్సి వస్తోంది. అది నేనే భయం లేకుండా ఎత్తుకోగలగాలి.

ఇక దెబ్బల సంగతి. ఇది జాగ్రత్తగా చూడండి. 2021లో క్లచ్ ప్లేట్ల పెట్టె వంగి ఎత్తుతుంటే నడుం పట్టేసింది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ అని వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకున్నాను. ఇప్పుడు మామూలుగా నొప్పి లేదు. కౌంటర్ దగ్గర గంటన్నర నిలబడితే మాత్రం ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా లాగుతుంది. తిమ్మిరి ఎక్కితే ఆ పని వెంటనే ఆపేయమని ఫిజియో చెప్పారు. వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తే బ్రిడ్జ్ ఆయనే నేర్పారు, అది ఇప్పటికీ బాగానే చేయగలను. వంగి బరువులు ఎత్తేవి మాత్రం మొదట్లో వద్దు.

కుడి మోకాలు 2016లో బండి జారినప్పటిది. మెట్లు ఎక్కితే పర్వాలేదు, దిగేటప్పుడు కలుక్కుమంటుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోగలను, గొంతుకూర్చుని లేవడం కష్టం. బీపీకి రోజూ ఉదయం టెల్మిసార్టాన్ 40 వేసుకుంటాను. గభాల్న లేస్తే ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి. జిమ్‌కి వెళ్లొచ్చని డాక్టరు గారు చెప్పారు, మొదట్లో ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తొద్దన్నారు.

ఇంకో మాట దాచను. నాలుగేళ్ల కిందట వేరే జిమ్‌లో చేరితే మొదటి రోజే వంద స్క్వాట్లు చేయించారు. మూడు రోజులు బాత్రూమ్‌లో గోడ పట్టుకుని కూర్చున్నాను. కట్టిన మూడు నెలల ఫీజు వాళ్లకే దానం. ఈసారి నెమ్మదిగా మొదలెట్టండి, చాలా తేలికగా ఉందనిపించినా నేనేమీ అనుకోను.

టైము: సోమ, మంగళ, గురు, శుక్రవారాలు ఉదయం 5:45 నుంచి 6:45 దాకా రాగలను. బుధవారం తెల్లారే లోడు దిగుతుంది, కుదరదు. రాత్రి షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, పడుకునేది పదకొండున్నర. అంటే నిద్ర అయిదున్నర గంటలే. తక్కువని తెలుసు.

తిండి ఉన్నదున్నట్టు చెప్తాను. లేవగానే టీ, షాపులో ఇంకో నాలుగైదు, అన్నీ పంచదారతోనే. టిఫిన్ నాలుగు ఇడ్లీలు గానీ పెసరట్టు ఉప్మా గానీ. మధ్యాహ్నం క్యారియర్‌లో అన్నం, పప్పు, కూర, ఆవకాయ, పెరుగు. అన్నం పెద్ద గరిటెతో అయిదు దాకా ఉంటుంది. సాయంత్రం ఎదురుగా బండి మీద పునుగులు వేస్తారు, ఆ వాసనకు ఆగలేను. రాత్రి పదింటికి మళ్లీ అన్నమే. ఆదివారం చికెన్, బుధవారం చేప. శనివారం ఒంటిపూట, అది మానను. కార్తీకమాసం నెలంతా గుడ్డు కూడా ముట్టం, ఆ నెలకు పప్పులు, పెరుగు, పనీర్‌తో సర్దండి. పాలు తాగితే గ్యాస్, పెరుగు పడుతుంది. రోజుకు రెండు గుడ్లు ఉడకబెట్టి ఇస్తానని మా ఆవిడ ఒప్పుకుంది. నాకోసం వేరే వంట మాత్రం వండించను, ఇంట్లో అందరూ తినేదే నేనూ తినాలి. అందుకని గ్రాముల్లో కాకుండా గరిటెల్లో, గిన్నెల్లో చెప్పండి. ఓట్స్ వద్దు, తినలేక పారేశాను. పౌడర్ డబ్బాలు అవసరమైతే తర్వాత చూద్దాం. మా అమ్మ అది చూస్తే మందనుకుంటుంది.

ఒంటిపూట తిన్న మర్నాడు ఆదివారం ఇంటి దగ్గర అరగంట నడిస్తే సరిపోతుందా? ఉదయం టీ ఒక్కటే తాగి రావచ్చా, అరటిపండు ఏమైనా తినాలా? బూట్లు పాతవి ఉన్నాయి, అడుగు అరిగిపోయింది. కొనమంటే రేపే కొంటాను.

సోమవారం ఎమ్మారై రిపోర్టు తెస్తాను. 5:40కల్లా గేటు దగ్గరుంటాను.

సుధాకర్