గొట్టా బ్యారేజీ వదంతి: ఏది తీసెయ్యాలి, ఏది నెమ్మదించాలి

తుపాను రాత్రి, శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గర వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ గురించి ఫేస్‌బుక్‌లో రెండు పోస్టులు వచ్చాయనుకుందాం. "గొట్టా బ్యారేజీ తెగిపోయింది, పారిపోండి" అని మొదటిది, దానికింద ఎప్పటిదో వరద ఫోటో. "గేట్లెత్తినప్పుడు మాకెవులూ సెప్పనేదు, గుంటల్నెత్తుకొని మెట్టకెక్కినాం" అని రెండోది. ఒకటి వదంతి, మరొకటి అధికారుల మీద ఫిర్యాదు. మాటల్ని బట్టి వడగట్టే యంత్రం రెండింటినీ ఒకే గాటన కట్టే ప్రమాదముంది. హిరమండలం మాట తెలియని సమీక్షకుడికి "గుంటలు" అంటే పిల్లలని తట్టదు, గోతులనుకుంటాడు. అలా వదంతి మిగిలి, ఫిర్యాదు పోవచ్చు.

ఫేస్‌బుక్‌లాంటి కంపెనీ తీసెయ్యడానికే మొగ్గడానికి కారణం ఉంది. ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ పోతే, ఇతరులు రాసినదానికి కంపెనీ కేసులు ఎదుర్కోవాలి. తప్పుగా తీసేస్తే మాత్రం దానికి పోయేదేమీ లేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలకు శిక్ష వేసే 66ఏ సెక్షన్‌ను కొట్టేసి, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో వచ్చినప్పుడే తొలగించే బాధ్యత పుడుతుందని 79కి అర్థం చెప్పింది. చాలా విలువైన రక్షణ ఇది. కానీ కంపెనీ తన సొంత నియమాలతో తీసేసేవాటికి ఇది అడ్డురాదు.

ఇక కాలం సంగతి. ఐటీ చట్టం కింద వచ్చిన 2021 నిబంధనలు మొదట ఉత్తర్వు అమలుకు 36 గంటలు, మామూలు ఫిర్యాదుకు 15 రోజులు ఇచ్చాయి. బ్యారేజీ వదంతి గంటలో ఊళ్లు ఖాళీ చేయిస్తుంది. అందుకే తొలగింపు కంటే వ్యాప్తిని తగ్గించడమే ముందు వాడాల్సిన సాధనమని మా వాదన. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వదంతులతో జనాన్ని కొట్టి చంపాక, 2018 జులైలో వాట్సాప్ ఇక్కడ ఫార్వర్డులను ఐదు చాట్లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్క చాట్‌కే కుదించింది. సందేశం రహస్యలిపిలో ఉంటుంది గనుక కంపెనీ దాన్ని చదవలేదు, చదవాల్సిన పనీ పడలేదు. పొరపాటు జరిగినా మాట బతికే ఉంటుంది. ఒక్క లోపం: నిజమైన హెచ్చరిక కూడా నెమ్మదిస్తుంది. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ తన హెచ్చరికను ఫార్వర్డుల మీద వదలకుండా ఎస్ఎమ్ఎస్‌లతో, మైకులతో పంపాలి.

వెంటనే తీసెయ్యాల్సినవి తక్కువే. ఎవరి ఫోటోనో పెట్టి "దొంగ, పట్టుకొని కొట్టండి" అనేది, అనుమతి లేని నగ్న చిత్రం, పిల్లల లైంగిక చిత్రం. వీటికి ఆలస్యమే హాని.

మిగతా తొలగింపులకు, ఆ 2021 నిబంధనల్లోని 4(8) చెప్పినట్టే, పెద్ద వేదికలు ముందుగా కారణం చెప్పి వాదించే అవకాశమివ్వాలి. ఆ నోటీసు తెలుగులో ఉండాలి, ఏ వాక్యం ఏ నియమాన్ని దాటిందో చూపాలి. అప్పీలును కళింగాంధ్ర తెలుగు తెలిసిన మనిషి చదవాలి. పోస్టును తిరిగి పెట్టినప్పుడు దాని వ్యాప్తినీ పునరుద్ధరించాలి, లేకపోతే తుపాను వెలిశాక ఆ ఫిర్యాదు ఎవరికీ కనబడదు. నెలవారీ నివేదికల్లో తెలుగు పోస్టులెన్ని తీశారో, అప్పీలులో ఎన్ని తిరిగొచ్చాయో విడిగా అచ్చువెయ్యాలి.