విషయం: వేరే ఫోను వాపసు పంపానన్న ఆరోపణకు ఆధారాలతో సమాధానం

ఖమ్మం,
22 ఆగస్టు 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. 7206 అంకెలతో ముగిసే నా ఆర్డరు కింద వాపసు ఇచ్చిన ఫోను మీరు పంపిన ఫోను కాదని, నేను మోసపూరితంగా రీఫండ్ కోరానని పేర్కొంటూ ఆగస్టు 19న మీ సంస్థ నుంచి నాకు మెయిల్ వచ్చింది. అదే రోజు నా ఖాతాను నిలిపివేసి, నాకు రావలసిన రూ. 18,499 రీఫండ్‌ను రద్దు చేశారు. ఈ ఆరోపణ నిజం కాదు. మీరు పంపిన ఫోనునే, మీరు పంపిన పెట్టెలోనే, మీ ప్రతినిధి పరిశీలించిన తరువాత వాపసు ఇచ్చాను.

మీ మెయిల్‌లో చూపిన కారణం ఒక్కటే. బిల్లు మీద ఉన్న ఐఎంఈఐ నంబరు 41873తో ముగుస్తుండగా, గిడ్డంగికి చేరిన ఫోను నంబరు 41881తో ముగుస్తోందని, కాబట్టి అది వేరే ఫోను అని రాశారు. అయితే ఇది రెండు సిమ్‌ల ఫోను. ఇటువంటి ఫోనుకు ఒక్కో సిమ్ స్లాటుకు ఒకటి చొప్పున రెండు ఐఎంఈఐ నంబర్లు ఉంటాయి. మీ బిల్లులో మొదటి నంబరును మాత్రమే ముద్రించారు. గిడ్డంగిలో నమోదు చేసుకున్నది రెండవ నంబరు. పెట్టె అడుగున అంటించిన స్టిక్కరు మీద ఈ రెండూ ఒకదాని కింద ఒకటి, వేర్వేరు బార్‌కోడ్‌లతో ఉన్నాయి. ఆగస్టు 6న పార్సిల్ విప్పుతూ తీసిన వీడియోలో ఆ స్టిక్కరు స్పష్టంగా చదవడానికి వీలుగా కనిపిస్తుంది. ఫోనులో *#06# నొక్కినప్పుడు తెర మీద అవే రెండు నంబర్లు వచ్చిన స్క్రీన్‌షాట్‌ను కూడా జతపరిచాను. గిడ్డంగి ఉద్యోగి కావాలని తప్పు రాశారని నేను అనడం లేదు. చేతిలోని బిల్లు మీద ఒకే నంబరు ఉంటే ఎవరైనా దానితోనే పోల్చి చూస్తారు. కానీ అంత మాత్రాన ఒక కొనుగోలుదారుకు మోసగత్తె అన్న ముద్ర వేసే ముందు, పెట్టెను ఒకసారి తిప్పి చూసి ఉండవలసింది.

ఫోను తెరపై నిలువుగా ఆకుపచ్చ గీత రావడంతో ఆగస్టు 8న వాపసు కోరాను. 11న వచ్చిన మీ ప్రతినిధి ఫోను ఆన్ చేయించి, గీతను, నంబర్లను తన యాప్‌లో ఫోటో తీసుకుని, నా ఎదుటే సంచిలో పెట్టి సీలు వేశారు. ఆ తరువాతే నా దగ్గర ఓటీపీ తీసుకున్నారు. పరిశీలన పూర్తయి వస్తువు స్వీకరించినట్లు అదే మధ్యాహ్నం మీ సంస్థ పంపిన ఎస్‌ఎంఎస్‌ను, సీలు వేసిన సంచి ఫోటోను చూడగలరు. ఆ యాప్‌లోని ఫోటోలు మీ వద్దే ఉన్నాయి కనుక, వాటిని గిడ్డంగి నమోదుతో పోల్చవలసిందిగా కోరుతున్నాను.

ఏడాదిలో మూడు రీఫండ్‌లు పొందానన్న మాటకు కూడా సమాధానం ఇస్తున్నాను. మూడవది ఈ ఫోనుదే, దాని డబ్బు నాకు చేరనే లేదు. ఒకటి విక్రేత స్వయంగా రద్దు చేసిన కుక్కర్ ఆర్డరు. మరొకటి సైజు సరిపోని పిల్లల చెప్పులు, వీటిని మీరు ఏ అభ్యంతరమూ చెప్పకుండా తీసుకున్నారు.

కాబట్టి ఆరోపణను లిఖితపూర్వకంగా ఉపసంహరించుకుని, నా ఖాతాను పునరుద్ధరించి, రూ. 18,499 మొత్తాన్ని నేను చెల్లించిన బ్యాంకు ఖాతాకే జమ చేయవలసిందిగా కోరుతున్నాను. ఇంకా సందేహం ఉన్న పక్షంలో, గిడ్డంగిలో సంచి సీలు తెరిచినప్పటి వీడియోను, పెట్టె స్టిక్కరు ఫోటోను నాకు పంపగలరు. ఈ వివాదం తేలేవరకు ఆ ఫోనును, వీడియోను, నా ఆర్డరు రికార్డులను చెరిపివేయకుండా, మరొకరికి అప్పగించకుండా భద్రపరచాలి.

వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించవలసిన బాధ్యత గ్రీవెన్స్ ఆఫీసర్‌ది. ఆ గడువులోగా పరిష్కారం లభించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. కొనుగోలుదారు నివసించే చోటనే ఫిర్యాదు చేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది. అంతవరకు వెళ్లే అవసరం రాదనే భావిస్తున్నాను, ఎందుకంటే రెండు నంబర్లను పక్కపక్కన పెట్టి చూడడానికి అయిదు నిమిషాలు చాలు.

మీ కస్టమర్ కేర్ నుంచి వచ్చే ఫోను సంభాషణలకు రికార్డు నా వద్ద ఉండదు కనుక, సమాధానాన్ని దయచేసి ఈ మెయిల్‌కే పంపగలరు.

ఇట్లు,
పి. లక్ష్మి

జతపరిచినవి: బిల్లు, పార్సిల్ విప్పిన వీడియో, స్టిక్కరు ఫోటో, *#06# స్క్రీన్‌షాట్, తెరపై గీత ఫోటో, సీలు వేసిన సంచి ఫోటో, ఆగస్టు 11 నాటి ఎస్‌ఎంఎస్, చెల్లింపు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్.