కోడి కడుపులో ఒక పగలూ ఒక రాత్రీ

ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, పిల్లలందరికీ నమస్కారం.

నేను ఆనందపురం మండలంలో 18 ఏళ్లుగా కోళ్ల ఫారం నడుపుతున్న రైతును. మీ సైన్సు మాస్టారు నన్ను పిలిచినప్పుడు, ఉపన్యాసం ఇవ్వడం నా వల్ల కాదనీ, అయితే నాకు రోజూ తిండి పెడుతున్న గుడ్డు గురించి మాత్రం తెలిసినంత చెబుతాననీ ఒప్పుకున్నాను. ఈ బల్ల మీద ఉన్న అట్టలో 30 గుడ్లు ఉన్నాయి. ఈ ఉదయం నా షెడ్డులో ఏరినవే. పక్కన గిన్నెలో ఉన్న మెత్తని వస్తువు కూడా గుడ్డే. దాన్ని మేము తోలుగుడ్డు అంటాం. దాని సంగతి తరువాత చెబుతాను.

మీరు ముందుగా రాసి పంపిన ప్రశ్నలు చదివాను. కోడి రెట్ట వేసే దారినే గుడ్డు కూడా వస్తుంది కదా, మరి గుడ్డుకు రెట్ట ఎందుకు అంటుకోదని ఏడో తరగతి పాప ఒకరు అడిగారు. ఇన్నేళ్లలో నన్ను ఏ వ్యాపారీ ఈ ప్రశ్న అడగలేదు. దానికి జవాబు దొరకాలంటే గుడ్డు మొదలైన చోటి నుంచి అది నడిచిన దారి వెంట మనమూ నడవాలి.

మనుషుల్లో అండాశయాలు రెండు ఉంటాయని మీరు చదువుకునే ఉంటారు. కోడిపెట్టలో సాధారణంగా ఎడమ వైపుది ఒక్కటే పెరిగి పనిచేస్తుంది, కుడి వైపుది ఎదగకుండా ఉండిపోతుంది. ఆ ఎడమ అండాశయాన్ని చూస్తే చిన్నా పెద్దా ద్రాక్షపళ్లు కలిసి ఉన్న గుత్తిలా కనిపిస్తుంది. ఆ పళ్లే పచ్చసొనలు. ఒక్కొక్క పచ్చసొన చివరి పది రోజుల్లో వేగంగా ఎదుగుతుంది, అందుకు కావలసిన కొవ్వునూ మాంసకృత్తులనూ కోడి కాలేయం తయారుచేసి రక్తం ద్వారా పంపుతుంది. కాబట్టి మీరు ఈ రోజు తినే పచ్చసొనలో పది రోజుల కిందటి దాణా కూడా ఉందన్నమాట. పచ్చసొన రంగు కూడా దాణాను బట్టే ఉంటుంది. పసుపు మొక్కజొన్న ఎక్కువ వేస్తే ముదురుగానూ, నూకలు ఎక్కువ వేస్తే పాలిపోయినట్టుగానూ వస్తుంది. పెరట్లో తిరుగుతూ ఆకులూ పురుగులూ ఏరుకు తినే నాటుకోడి గుడ్డులో అది ఎర్రగా ఉండటానికి కారణం కూడా తిండే.

పక్వానికి వచ్చిన పచ్చసొన గుత్తి నుంచి విడిపోగానే గరాటు వంటి భాగం దాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి బయటి దాకా ఉన్న గొట్టం పొడవు రెండు అడుగులకు పైమాటే. మడతలు పడి కోడి కడుపులో ఇమిడి ఉంటుంది. గరాటులో పచ్చసొన ఉండేది పావుగంట, అరగంట మాత్రమే. పుంజుతో కలిసిన పెట్ట అయితే పిండం ఏర్పడే అవకాశం ఈ చోటనే ఉంటుంది. నా ఫారంలో పుంజులు లేవు. అందుచేత అక్కడి గుడ్లను ఎన్ని రోజులు పొదిగించినా పిల్లలు కావు. కొట్లో కొన్న గుడ్డును దూదిలో చుట్టి దీపం కింద పెట్టామని చెప్పిన ఎనిమిదో తరగతి బాబులకు నా సానుభూతి.

తరువాతి భాగంలో సుమారు మూడు గంటల పాటు తెల్లసొన పొరలు పొరలుగా పచ్చసొన చుట్టూ చేరుతుంది. గుడ్డు మెలికలు తిరుగుతూ ముందుకు జారడం వల్ల పచ్చసొనకు రెండు వైపులా తెల్లని తాళ్లు పేనుకుంటాయి. పచ్చసొన ఒక పక్కకు ఒరిగిపోకుండా మధ్యలో నిలబెట్టేవి అవే. పచ్చిగుడ్డు పగలగొట్టినప్పుడు కనిపించే ఆ తెల్లని పీచును పురుగని భ్రమపడి పారబోసేవారు ఉన్నారు. అది గుడ్డు తాజాగా ఉందనడానికి గుర్తు. ఆ పైన గంటకు పైగా పట్టే మరో దశలో రెండు పలుచని పొరలు గుడ్డును సంచిలా చుట్టుకుంటాయి. ఉడికించిన గుడ్డు వొలిచేటప్పుడు పెంకుతో పాటు ఊడివచ్చే పొర అదే.

ఇక్కడికి నాలుగైదు గంటలు గడిచాయి. మిగిలిన ఇరవై గంటలూ పెంకు కోసమే. గుడ్డు ఆకారం చూసి పెంకు తేలికైన పని అనుకుంటాం గానీ, కోడికి దానిని మించిన శ్రమ లేదు. ఒక్క పెంకు బరువు ఐదారు గ్రాములు, అందులో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. నేలలోని సున్నపురాయి, సముద్రపు గుల్ల, రెండూ ఆ జాతివే. ఆ పెంకులోకి రెండు గ్రాములకు పైగా కాల్షియం వెళుతుంది, కోడి రక్తంలో ఒకేసారి అంత ఉండదు కనుక ఎప్పటికప్పుడు తిండి నుంచి తెచ్చుకోవాలి. చిక్కు ఏమిటంటే, పెంకు పని ఎక్కువగా జరిగేది రాత్రి పూట, అప్పుడు కోడి నిద్రపోతుంది, తిండి తినదు. అందుకే నేను సాయంత్రపు దాణాలో సున్నపురాయి ముక్కలనూ గుల్ల ముక్కలనూ మెత్తని పొడిగా కాక కాస్త పెద్దవిగానే కలుపుతాను. అవి కోడి కందనకాయలో నిలిచి రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి. అదీ చాలకపోతే కోడి తన ఎముకల్లో దాచుకున్న కాల్షియాన్ని తీసి పెంకుకు ఇస్తుంది. ఎన్నో రోజులు అలా ఇస్తూ పోతే ఎముకలు బలహీనపడి కాళ్ల మీద నిలబడలేదు. ఆ సంగతి నేను మొదటి ఏడాది నేర్చుకున్నాను. ఖర్చు తగ్గుతుందని గుల్ల ముక్కలు తగ్గించి, నాలుగు డబ్బుల కోసం నలభై కోళ్లను పోగొట్టుకున్నాను.

ఇప్పుడు ఈ గిన్నెలోని తోలుగుడ్డు చూడండి. దీనికి పొర ఉంది, పెంకు లేదు. పెంకు పట్టే సమయంలో కోడి బెదిరినా, కాల్షియం చాలకపోయినా, జబ్బు చేసినా ఇలాంటిది వస్తుంది. మన వైపు మే నెలలో పెంకులు పలచబడతాయి, దానికి కారణం వేరు. కోడికి చెమట పట్టదు. ఒళ్లు చల్లబరచుకోవడానికి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది, అలా తీసినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు తయారుకావడానికి ఆ వాయువు నుంచి వచ్చే కార్బొనేటు అవసరం. దానికి తోడు ఎండకు మేత కూడా తగ్గుతుంది. అందుకే వేసవిలో షెడ్డు కప్పు మీద గడ్డి పరచి నీళ్లు చల్లిస్తాను.

పెంకు పూర్తయ్యాక దానిపై సన్నని జిగురు పూత పడుతుంది. పెంకుకు వేల సంఖ్యలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి, వాటిని మూసి క్రిములు లోపలికి పోకుండా ఈ పూత కాపాడుతుంది. గుడ్లు కొని తేగానే కడిగి దాచిపెట్టడం మంచిది కాదని నేను అనేది ఇందుకే. మురికి ఉంటే వండే ముందు కడుక్కోండి.

ఇక పాప అడిగిన ప్రశ్న. చివరి ద్వారం ఒక్కటే, నిజమే. అయితే గుడ్డు బయటికి వచ్చే క్షణంలో గుడ్డు గొట్టపు చివరి భాగం చొక్కా చేయి తిరగేసినట్టు బయటికి తిరుగుతుంది, అప్పుడు రెట్ట దారి పక్కకు నొక్కుకుపోయి మూసుకుంటుంది. గుడ్డు తన గొట్టంలోంచి నేరుగా బయటికి వస్తుంది కాబట్టి రెట్ట తగలదు. గుడ్డుకు మురికి అంటిందంటే అది పడిన చోటి మురికే, కోడిది తప్పు కాదు, షెడ్డు శుభ్రం చేయని రైతుది.

ఇదంతా కలిపితే 24 నుంచి 26 గంటలు. గుడ్డు పెట్టిన అరగంటకు తరువాతి పచ్చసొన గుత్తి నుంచి విడిపోతుంది. రోజుకు 24 గంటలే కాబట్టి, ఈ రోజు ఏడింటికి పెట్టిన కోడి రేపు మరికొంత ఆలస్యంగా, ఎల్లుండి ఇంకాస్త ఆలస్యంగా పెడుతుంది. మధ్యాహ్నం దాటే వేళకు వచ్చాక ఒక రోజు మానేసి, మళ్లీ ఉదయం నుంచి మొదలుపెడుతుంది. నా ఫారంలోని 6,000 పెట్టల్లో రోజుకు 5,400 దాకా గుడ్లు వచ్చాయంటే మంచి రోజు కిందే లెక్క.

కోడి ఈ లెక్కంతా వెలుతురును చూసి నడుపుకుంటుంది. రోజుకు సుమారు 16 గంటల వెలుగు ఉండేలా మేము దీపాలు వేస్తాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నా షెడ్డు రేకులు సగం ఎగిరిపోయాయి, చాలా రోజులు కరెంటు లేదు. ప్రాణాలతో మిగిలిన కోళ్లు కూడా బెదురుతోనూ చీకటితోనూ గుడ్లు బాగా తగ్గించేశాయి. దీపాలు తిరిగి వెలిగినా అవి పాత లెక్కకు రావడానికి వారాలు పట్టింది.

ఇక కొట్టు సంగతి. ఎక్కువ గుడ్లు ఉదయమే వస్తాయి. బోనుల కింది వాలు మీదుగా దొర్లి ముందుకు వచ్చిన గుడ్లను మా ఇంటివారూ ఇద్దరు కూలీలూ ఏరి, సన్నకొన కిందికి, లావుకొన పైకి వచ్చేలా అట్టల్లో పేరుస్తారు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటికి వచ్చిన గుడ్డు చల్లారి లోపలి పదార్థం ముడుచుకుంటే లావుకొన దగ్గర గాలి అర ఏర్పడుతుంది. అది పైకి ఉంటే పచ్చసొన కుదురుగా ఉంటుంది. చీకటి గదిలో దీపం ముందు పట్టి చూసి, పగిలినవీ లోపల రక్తపు మరక ఉన్నవీ పక్కన పెడతాం. ఏడు అట్టలను, అంటే 210 గుడ్లను, ఒక పెట్టెగా లెక్కిస్తారు. వ్యాను రాత్రి వచ్చి ఎత్తుకుంటుంది, తెల్లవారేసరికి హనుమంతవాక మీదుగా పూర్ణా మార్కెట్ వైపు టోకు వ్యాపారుల దగ్గరికి, అక్కడి నుంచి గాజువాక, కంచరపాలెం వీధుల్లోని కిరాణా కొట్లకు చేరుతుంది.

ధర మాత్రం నేను పెట్టను. 1982లో ఏర్పడిన ఎన్‌ఈసీసీ అనే రైతుల సంస్థ ఊరూరికీ రోజూ వంద గుడ్లకు ఒక ధర ప్రకటిస్తుంది, విశాఖపట్నానికి కూడా అందులో ఒక ధర ఉంటుంది. మొక్కజొన్న, సోయా ధరలు పెరిగిన నెలలో గుడ్డు ధర పడిపోతే ఏ రైతూ దాణా ఆపలేడు, ఎందుకంటే ఆకలి వేసిన కోడి మొదట గుడ్డే మానేస్తుంది. ఒక్కొక్క కోడి రోజుకు 110 గ్రాముల దాకా తింటుంది. నా 6,000 కోళ్లకు అది ఎన్ని కిలోలో మీరు లెక్క వేసి మాస్టారికి చూపించండి.

నేను రెండు గ్లాసుల నీళ్లు కూడా తెచ్చాను. ఒకదానిలో ఈ ఉదయపు గుడ్డు వేస్తాను, రెండోదానిలో మూడు వారాల కిందట ఎండలో వదిలేసిన గుడ్డు. కొత్తది అడుగున పడుకుంటుంది, పాతది లేచి నిలబడుతుంది, లేదా తేలుతుంది. పెంకు రంధ్రాల్లోంచి నీరు ఆవిరై గాలి అర పెద్దదవడమే దానికి కారణం. ముందు వరుసలోని వారు బల్ల దగ్గరికి రండి, దీపం ముందు గుడ్డు పట్టుకోవడానికి ఒకరు కావాలి. గట్టిగా నొక్కకుండా, రెండు చేతులతో.