సోమవారం కాల్ సారాంశం: ఇకపై అందరం వాడే నమూనా

పాల సేకరణ కేంద్రాల కార్యదర్శులకు, శీతలీకరణ కేంద్రం ఇన్‌చార్జి గారికి:

వారం వారం రాసే వంతు ఎవరిదైనా సరే, సారాంశం కింది ఐదు శీర్షికలతో, ఇదే వరుసలో, మధ్యాహ్నం 2 లోపు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చెప్పేదేమీ లేని శీర్షికను తీసేయకండి, "ఏమీ లేదు" అని రాయండి. తీసేస్తే, అసలు మాట్లాడలేదో, రాయడం మరిచారో కాల్‌కు రానివారికి తెలియదు. అక్టోబర్ 6 కాల్‌ను ఇందులో రాస్తే ఇలా ఉంటుంది.

కాల్: 6-10-2025, ఉదయం 11:00 నుంచి 11:35. 7 కేంద్రాల్లో 6 వచ్చాయి, 4వ కేంద్రం రాలేదు. పశువైద్యుడు ఉన్నారు. రాసింది 2వ కేంద్రం కార్యదర్శి.

తేల్చినవి: బుధవారం (8వ తేదీ) నుంచి సాయంత్రం వ్యాన్ 7:00కు కాదు, 6:30కే బయల్దేరుతుంది. చివరి రెండు కేంద్రాల పాలు కూలర్‌కు చేరేసరికి పితికి మూడు గంటలు దాటుతోంది, పులుపు తిరుగుతున్నాయి.

పనులు:
కొత్తది: 5వ కేంద్రం ఫ్యాట్ మెషీన్ క్యాలిబ్రేషన్. బాధ్యత 5వ కేంద్రం కార్యదర్శిది, గడువు గురువారం (9వ తేదీ). ఒకే శాంపిల్‌ను అక్కడా, శీతలీకరణ కేంద్రంలోనూ చూస్తే తేడా 0.1 దాటకపోతే పని అయినట్టు.
పాతది: గాలికుంటు టీకాకు పశువుల జాబితా. 6 కేంద్రాలు ఇచ్చాయి, 4వది ఇవ్వాలి, శుక్రవారం (10వ తేదీ) లోపు.

తేలనివి: ఆవు పాలు, గేదె పాలు కలిపి పోస్తే రేటు ఎలా కట్టాలి? 13వ తేదీ కాల్‌లో ఇదే మొదటి అంశం.

అంకెలు (సెప్టెంబర్ 29 - అక్టోబర్ 5): సేకరణ 18,420 లీటర్లు. సగటు ఫ్యాట్ 6.2, ఎస్.ఎన్.ఎఫ్. 8.8. తిప్పి పంపినవి 140 లీటర్లు, అన్నీ సాయంత్రం పాలే.

ఎక్కువ తప్పులు దొర్లేది "పనులు" దగ్గరే. "మెషీన్ సంగతి చూడాలి" అని రాస్తే ఎవరూ చూడరు. ఒక పనికి ఒక్కరే బాధ్యులు, ఒకటే తేదీ, అయిందని ఎలా తెలుస్తుందో ఒక వాక్యం. ఇద్దరి పేర్లు పెడితే ఒకరి మీద ఒకరు వదిలేస్తారు. "త్వరలో", "వీలైతే" వద్దు. రెండు వారాలు వాయిదా పడిన పనికి మూడో తేదీ వేయకండి, "తేలనివి"లోకి మార్చండి. అక్కడ అడ్డంకి డబ్బా, మనిషా అన్నది మాట్లాడుకోవచ్చు.

చర్చలో ఎవరు ఏమన్నారో రాయనక్కర్లేదు. తేల్చినదానికి కారణం మాత్రం ఒక వాక్యంలో ఉండాలి. లేకపోతే 6:30 ఎందుకని రైతు అడిగితే కార్యదర్శి దగ్గర జవాబుండదు. పొడుగు మెసేజ్‌ను ఫోన్ మధ్యలో కత్తిరించి చూపిస్తుంది, అందుకే అంకెలు చివరన, నిర్ణయాలు పైన.

పెట్టిన 15 నిమిషాల తర్వాత వాట్సాప్‌లో మెసేజ్ దిద్దడం కుదరదు. ఆపైన తప్పు కనిపిస్తే అదే మెసేజ్‌కు రిప్లైగా "దిద్దుబాటు" అని మొదలుపెట్టి సరైన అంకె రాయండి. పాత మెసేజ్ తొలగించకండి, బిల్లుల రోజున రెండూ సరిచూసుకోవాల్సి వస్తుంది.